యల్లా, ఖలాస్: చెల్లెలికి ఒక ఉత్తరం

ఫర్వానియా, కువైట్
14 నవంబరు 2025

చిరంజీవి శ్రీలతకు,

అక్క ఆశీస్సులు. నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను. పోయిన వారం నేను ఫోన్‌లో మాట్లాడుతుండగా వెనుక నుండి "యల్లా, యల్లా" అనీ, "ఖలాస్" అనీ వినిపించిన కేకలకు అమ్మ బెంగపెట్టుకున్నదనీ, పనిలో ఎవరో నన్ను కసురుతున్నారని అనుకున్నదనీ నువ్వు రాశావు. ఆ రోజు ఎవరూ నన్ను ఏమీ అనలేదు. మరుసటి డ్యూటీవాళ్లను తీసుకువెళ్లే బస్సు కదలబోతుంటే తోటి నర్సులు ఒకరినొకరు తొందరపెట్టుకున్నారు, అంతే. ఆ సంగతి అమ్మకు ముందు చెప్పు. నర్సింగ్ పూర్తి చేశాక నువ్వు కూడా ఈ దేశానికే రావాలని అనుకుంటున్నావు కనుక, ఆ రెండు మాటలను గురించి నీకు కొంచెం వివరంగా రాస్తున్నాను.

అరబ్బీలో ఎవరినైనా పిలవాలన్నా, కూర్చోమనాలన్నా, ఎదుట ఉన్నది మగవాడా, ఆడమనిషా అన్నదాన్ని బట్టి మాట మారుతుంది. మగవాడిని "తఆల్" అని పిలిస్తే, ఆడమనిషిని "తఆలీ" అని పిలవాలి. యల్లా, ఖలాస్ అన్న మాటలకు మాత్రం ఆ చిక్కు లేదు. ఒకరితో అన్నా, పదిమందితో అన్నా, ఆడవారితో అన్నా, మగవారితో అన్నా అవి మారవు. అందువల్లనే కావచ్చు, కేరళ నర్సులూ, ఫిలిప్పీన్స్ నర్సులూ, ఈజిప్టు డాక్టర్లూ, బంగ్లాదేశ్ నుండి వచ్చిన శుభ్రతా సిబ్బందీ, అందరూ ఈ రెండింటినీ తమ సొంత మాటల్లాగానే వాడుకుంటున్నారు.

"యా అల్లా", అంటే "ఓ దేవుడా" అన్న పిలుపు నుండి "యల్లా" వచ్చిందని చెబుతారు. ఇప్పుడు దాన్ని పలికేటప్పుడు ఎవరికీ ప్రార్థన గుర్తుకు రాదు. పద, కానివ్వండి, త్వరగా అన్న అర్థాలే ఎక్కువ. రోగిని మంచం మీది నుండి చక్రాల కుర్చీలోకి మార్చేటప్పుడు నలుగురమూ ఒక్కసారిగా బలం పెట్టడానికి "యల్లా" అంటాం. ఎవరైనా పిలిస్తే "ఇదిగో వస్తున్నా" అని చెప్పడానికి "యల్లా, యల్లా" అంటాం. ఫోన్ పెట్టేసే ముందు మనం "సరే మరి, ఉంటాను" అన్నట్టు, ఇక్కడివారు "యల్లా, మా సలామా" అని ముగిస్తారు. కానీ దాని పక్కన "ఇమ్షీ" అన్న మాట చేరి, గొంతు కూడా గట్టిపడితే అది "ఇక నడువు, వెళ్లిపో" అన్న విదిలింపు అవుతుంది. కనుక మాటను కాదు, గొంతును వినడం నేర్చుకోవాలి. నొప్పితో ఉన్న మనిషి రెండు మాటలనూ విడదీసి, సాగదీసి "యా... అల్లా" అంటే అది తొందరపెట్టడం కాదు, దేవుడిని పిలుచుకోవడం. అప్పుడు వెంటనే మంచం దగ్గరికి వెళ్లి నొప్పి ఎంత ఉందో అడగాలి.

ఖలాస్ సంగతి ఇంకా లోతైనది. మన రాష్ట్రాల్లో కూడా "పని ఖలాస్" అంటారు కనుక ఆ మాట నీకు కొత్తది కాదు, ఉర్దూ ద్వారా మనకు ఎప్పుడో చేరింది. అయితే అరబ్బులు పలికే తీరు వేరు. మొదటి అక్షరం గొంతు లోపలి నుండి ఒరుసుకుంటూ వస్తుంది, చివరి "స్" మనదానికన్నా బరువుగా ఉంటుంది. పుస్తకాల అరబ్బీలో దానికి విముక్తి అన్న అర్థం ఉన్నది. వాడుకలో అయిపోయింది, చాలు, ఆపు, సరే, తేలిపోయింది అన్న అర్థాలన్నీ ఉన్నాయి. (సౌదీలోని అల్ అహ్సాలో పండే పేరుమోసిన ఖర్జూరానికి కూడా ఇదే పేరు. ఎవరైనా నీకు పళ్లెం చాపి ఖలాస్ అంటే, తినడం ఆపమంటున్నారని అనుకోకు!)

ప్రసూతి వార్డులో ఈ మాటను గురించి తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. అరబ్బీలో బిడ్డ పుట్టాక బయటకు వచ్చే మాయను కూడా "ఖలాస్" అంటారు. అందువల్ల కాన్పు అయిన గదిలో ఎవరైనా "ఖలాస్" అంటే, అంతా ముగిసిందని అంటున్నారా, మాయ గురించి మాట్లాడుతున్నారా అని ఒక్క క్షణం ఆలోచించాలి. తల్లికి ధైర్యం చెప్పడానికి కాన్పు ముందు "యల్లా, యల్లా" అన్న గొంతులే, బిడ్డ బయటపడ్డాక "ఖలాస్, ఖలాస్" అని ఆమె నుదుటిని నిమురుతాయి. ఇంజెక్షన్ తీసుకున్న పిల్లవాడు ఏడుస్తుంటే కూడా అదే మాట, కానీ అక్కడ దాని అర్థం "అయిపోయింది నాన్నా, ఇక లేదు" అని.

మందుల వేళకు మాత్రం ఈ మాటను ఉన్నదున్నట్టుగా నమ్మకూడదు. మాత్రలు తీసుకువెళ్లినప్పుడు రోగి "దవా ఖలాస్" అంటే, మందు వేసుకున్నానని అర్థం కావచ్చు, ఇంటి నుండి తెచ్చుకున్న మందు అయిపోయిందని కావచ్చు, ఇక మందు వద్దని కూడా కావచ్చు. ఆ మూడింటిలో ఏది అన్నదాని మీద మనం చేయవలసిన పని పూర్తిగా మారిపోతుంది. కాబట్టి ఆ మాట ఒక్కటి విని చార్టులో "ఇచ్చాము" అని రాయకూడదు. మాత్ర చూపించి, చేతి సైగతో గానీ, అరబ్బీ తెలిసినవారి చేత గానీ మళ్లీ అడిగించి, కళ్లారా చూశాకే రాయాలి. "ఖలాస్, మా అబీ" అని రెండు మాటలూ కలిపి అంటే సందేహం లేదు, "చాలు, నాకు వద్దు" అన్నమాట. అప్పుడు బతిమాలి ఊరుకోకుండా డాక్టరుకు చెప్పాలి. కట్టు విప్పుతున్నప్పుడో, సూది గుచ్చుతున్నప్పుడో రోగి ఖలాస్ అంటే ముందు చేయి ఆపి, తరువాత కారణం అడగాలి. ఎన్నో భాషలవారు కలిసి పనిచేసే చోట, ఎవరికీ తమ మాతృభాషలో చెప్పుకునే వీలు లేనప్పుడు, రోగి చేతిలో ఉన్న ఆయుధం ఆ ఒక్క మాటే.

రోగులతో సంబంధం లేని మాటల్లో కూడా ఇది వినిపిస్తుంది. డబ్బు అయిపోతే "ఫులూస్ ఖలాస్" అంటారు. డ్యూటీ ముగిస్తే "డ్యూటీ ఖలాస్" అని మేమందరం అంటాం. అది వ్యాకరణబద్ధమైన అరబ్బీ కాదు, పలు దేశాల పనివారు కలిసి అల్లుకున్న గల్ఫ్ అరబ్బీ. దానితో పని జరుగుతుంది కానీ, పెద్దవారి ముందు మర్యాద జరగదు.

ఈ చివరి సంగతి నువ్వు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. వయసు మళ్లిన రోగితో ఒట్టి "యల్లా" అనకూడదు. కువైటీ ముసలావిడను "యుమ్మా" అనీ, ముసలాయనను "యుబా" అనీ పిలుస్తారు, అంటే అమ్మా, నాన్నా అని. "యల్లా యుమ్మా" అంటే, "రా అమ్మా, లేద్దాం" అన్నట్టు వినిపిస్తుంది. నువ్వు ఇంకా ఇక్కడికి రాలేదు కనుక, ముందుగా ఈ రెండు పిలుపులనూ, "మా అబీ"నీ నేర్చుకో. వచ్చే ఉత్తరంలో నొప్పిని గురించి అడిగే మాటలు రాస్తాను.

నాన్నకూ, అమ్మకూ నమస్కారాలు.

నీ అక్క,
సుజాత