టర్మ్ పాలసీ: బతికుంటే పైసా రాదు. మరెందుకు కట్టడం?

స్లైడ్ 1
"టర్మ్ పాలసీలో బతికుంటే పైసా రాదటగా! మరెందుకు కట్టడం?"
నన్ను ఎక్కువ మంది అడిగేది ఇదే. అడగాల్సిన ప్రశ్నే. జవాబు పక్క స్లైడ్‌లో.

స్లైడ్ 2
నిజమే, రాదు.
గడువులోపు పాలసీదారు చనిపోతే, ముందే ఒప్పుకున్న మొత్తం, అంటే కవర్, నామినీకి అందుతుంది. గడువు దాటాక పాలసీ ముగుస్తుంది, కట్టిన ప్రీమియం తిరిగి రాదు. ఏడాదంతా బండికి యాక్సిడెంట్ కాలేదని, దాని ఇన్సూరెన్స్ డబ్బు దండగైందని ఏడవం కదా. ఇదీ అంతే.
పొదుపు భాగం లేదు కాబట్టే, అంతే కవర్ ఇచ్చే పొదుపు పాలసీల కన్నా ప్రీమియం బాగా తక్కువ.

స్లైడ్ 3
"కట్టింది వెనక్కిచ్చే టర్మ్ కూడా ఉందటగా?"
ఉంది. దానికి ప్రీమియం ఎక్కువ. 30 ఏళ్ల తర్వాత చేతికొచ్చే అంకె అదే ఉన్నా, దాంతో కొనగలిగేది అదే ఉండదు. రెండింటి ప్రీమియం పక్కపక్కన రాసుకుని చూడండి.

స్లైడ్ 4
అందరికీ అవసరమా? కాదు.
మీ సంపాదన మీద ఎవరూ ఆధారపడి లేకపోతే, మీ పేరున అప్పు లేకపోతే, ఇప్పటికి అక్కర్లేకపోవచ్చు. ఏజెంట్‌నై ఉండి ఈ మాట అంటున్నానని నవ్వకండి.
పిల్లలు, పెద్దవాళ్లు, ఇంటి లోను మీ జీతం మీదే నడుస్తుంటే మాత్రం తర్వాతి లెక్క చూడండి.

స్లైడ్ 5
ఎంత కవర్? ఒక ఊహా కుటుంబం లెక్క:
ఇంటి నెల ఖర్చు 30 వేలు. అందులో సంపాదించే మనిషి సొంత ఖర్చు 6 వేలు. మిగిలింది 24 వేలు, అంటే ఏడాదికి 2.88 లక్షలు.
చిన్నపిల్ల తన కాళ్ల మీద నిలబడటానికి ఇంకా 15 ఏళ్లు: 43.2 లక్షలు.
ఇంటి లోను బాకీ 18 లక్షలు కలిపితే: 61.2 లక్షలు.
ఉన్న పొదుపు 7 లక్షలు తీసేస్తే: 54.2 లక్షలు.
ఇందులో ధరల పెరుగుదల, పైచదువులు లేవు. కాబట్టి ఇది మొదటి అంకె మాత్రమే, చివరిది కాదు. ఆఫీసు వాళ్లిచ్చే గ్రూప్ ఇన్సూరెన్స్‌ను ఇందులోంచి తీసేయకండి. సాధారణంగా ఉద్యోగం మానేస్తే అదీ పోతుంది.

స్లైడ్ 6
ఎన్నేళ్లకు?
మీ సంపాదన ఇంటికి అవసరమైనన్నాళ్లు. లోను తీరి, పిల్లలు సంపాదిస్తున్నాక కూడా కవర్ ఉండాలంటే దానికీ ప్రీమియం కడుతున్నట్టే.

స్లైడ్ 7
అసలు కీలకం ఇక్కడుంది: పాలసీ కోసం నింపే దరఖాస్తు, అదే ప్రపోజల్ ఫారం.
"సిగరెట్ తాగుతారా?"
"అబ్బే, లేదండీ. స్నేహితులు కలిసినప్పుడు ఒకటో రెండో."
అది "లేదు" కాదు, "అవును". అవును అని రాస్తే ప్రీమియం పెరుగుతుంది. లేదని రాస్తే, రేపు మీ ఇంట్లోవాళ్లు క్లెయిమ్ పెట్టినప్పుడు ఆస్పత్రి రికార్డులో ఉన్న సంగతి బయటపడొచ్చు. అప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది మీరు కాదు, వాళ్లు.

స్లైడ్ 8
బీపీ, షుగర్, పాత ఆపరేషన్, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు, ఇంతకుముందున్న పాలసీలు, తిరస్కరణకు గురైన దరఖాస్తు: ఫారం అడిగినవన్నీ రాయండి.
నేనే టైప్ చేసినా సంతకం మీది. "ఇది రాయకపోయినా ఏం కాదులెండి" అని ఏ ఏజెంటైనా అంటే, నాతో సహా, అక్కడే ఆగండి.

స్లైడ్ 9
సంతకానికి ముందు ఇవీ అడగండి:
ప్రీమియం గడువు దాటితే ఎన్ని రోజుల వెసులుబాటు? ఆ తర్వాత పాలసీ లాప్స్ అయితే కవర్ ఉండదు.
పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే ఎన్ని రోజుల్లో రద్దు చేసుకోవచ్చు?
ఏ సందర్భాల్లో క్లెయిమ్ రాదు?
యాక్సిడెంట్, తీవ్ర వ్యాధుల రైడర్లు విడిగా డబ్బు కట్టి తీసుకునేవి. వాటి షరతులూ విడిగానే ఉంటాయి.

స్లైడ్ 10
నామినీకి పాలసీ ఉన్నట్టే తెలియకపోతే?
పాలసీ నంబరు, కంపెనీ పేరు, కాగితాలు ఏ బీరువాలో ఏ అరలో ఉన్నాయో ఇవాళే ఇంట్లో చెప్పండి. పెళ్లికి ముందు తీసుకున్న పాలసీ అయితే నామినీ పేరు ఒకసారి చూసుకోండి. చాలామంది మార్చడం మర్చిపోతారు.

క్యాప్షన్
నేను ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని. నా ద్వారా పాలసీ తీసుకుంటే నాకు కమీషన్ వస్తుంది. అది తెలిసే ఇది చదవండి. ఇక్కడున్నది అవగాహన కోసమే. మీ వయసు, ఆరోగ్యం, ఆదాయాన్ని బట్టి ప్రీమియం మారుతుంది, దరఖాస్తు ఒప్పుకోవాలా వద్దా అన్నది కంపెనీ నిర్ణయం. రెండు మూడు కంపెనీలు పోల్చుకోండి, ఇంట్లో మాట్లాడుకోండి. స్లైడ్ 5 లెక్కలో సందేహముంటే కామెంట్‌లో అడగండి. మీ ఆరోగ్యం, ఆదాయం వివరాలు మాత్రం అక్కడ రాయకండి, అందరికీ కనిపిస్తాయి.