304 ఫ్లాటు యజమాని గారికి సంఘం నిబంధనల వివరణ

భీమవరం

గౌరవనీయులైన 304 ఫ్లాటు యజమాని గారికి, నమస్కారములు.

గృహప్రవేశం నాడు నిబంధనల పుస్తకం మీకు అందజేశాను గాని, అది దస్తావేజుల భాషలో ఉన్నందున, ముందుగా తెలియవలసిన సంగతులను ఈ లేఖలో వివరిస్తున్నాను. మన సంఘం 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనది. ఇరవై ఫ్లాట్ల యజమానులూ ఇందులో సభ్యులే.

మెయింటెనెన్స్ నెలకు రూ.2,200. దీనిని పదో తేదీలోగా సంఘం బ్యాంకు ఖాతాలో జమ చేయాలి. వాచ్‌మన్ జీతం, లిఫ్టు మరమ్మతు ఒప్పందం, ఉమ్మడి మీటరు బిల్లు, జనరేటరు డీజిలు ఇందులోనివే. ఇంటికి తాళం వేసి పిల్లల దగ్గరికి వెళ్ళినా, అద్దెకిచ్చినా, బాధ్యత యజమానిదే. గడువు దాటితే నెలకు రూ.100 జరిమానా, మూడు నెలలు దాటితే నోటీసు ఉంటాయి. అయితే బకాయి ఎంత ఉన్నా నీళ్ళు ఆపే అధికారం సంఘానికి లేదు, ఉండకూడదని నా అభిప్రాయం కూడా.

నీళ్ళ ఖర్చు మాత్రం వేరు. మన బోరు నీరు ఉప్పన కావడం వల్ల మున్సిపల్ కుళాయి మీదే ఆధారపడతాం. వేసవిలో కాలువలు కట్టేసి సరఫరా తగ్గినప్పుడు ట్యాంకర్లు తెప్పించి, ఆ ఖర్చును ఇరవై ఫ్లాట్లకూ సమానంగా పంచుతాం. తలల లెక్కన పంచాలని కొందరు గట్టిగానే వాదించారు గాని, సెలవులకు వచ్చే మనవల్ని ఎవరు లెక్కించాలన్న ప్రశ్న దగ్గర సర్వసభ్య సమావేశం సమాన వాటాకే మొగ్గింది.

స్టిల్టు పార్కింగు ఉమ్మడి స్థలమే గాని విడిగా అమ్ముకునే ఆస్తి కాదని 2010లో సుప్రీంకోర్టు ఒక కేసులో తీర్పు చెప్పింది. కనుక ఫ్లాటుకు ఒక కారు చొప్పున స్థలం కేటాయించేది సంఘమే. ర్యాంపు పక్కనున్న నాలుగు స్థలాల్లోకి పెద్ద వానలకు డ్రైను నీరు ఎగదన్నుతుంది కాబట్టి, ఆ కష్టం ఒకరి నెత్తినే పడకుండా రెండేళ్ళకోసారి చీటీలు వేస్తాం. ప్రస్తుతం మీది 11వ నంబరు. బైకులు ప్రహరీ వెంబడి ఉంచాలి. సంక్రాంతికి వచ్చే చుట్టాల కార్లు వీధిలోనే, అదీ గేటుకు అడ్డం కాకుండా నిలపాలి. అంబులెన్సు రావలసివస్తే దారి ఉండాలి.

తగవు వస్తే మొదట ఎదుటివారితో మాట్లాడండి. తేలకపోతే సంతకంతో ఫిర్యాదు నాకిచ్చి రసీదు తీసుకోండి. వాట్సాప్ గ్రూపులో పెట్టినది ఫిర్యాదు కింద లెక్కకు రాదు. పదిహేను రోజుల్లో అయిదుగురు సభ్యుల కమిటీ ఇరువైపులా విని రాతపూర్వకంగా నిర్ణయం చెబుతుంది. ఫిర్యాదు కమిటీ సభ్యుని మీదైతే, నా మీదైనా సరే, ఆ వ్యక్తి విచారణలో కూర్చోరాదు. నిర్ణయం నచ్చనివారు నెలలోగా సర్వసభ్య సమావేశాన్ని కోరవచ్చు. అక్కడా తేలని సంఘ వ్యవహారాలకు చట్టంలోని 23వ సెక్షను ప్రకారం మధ్యవర్తిత్వ మార్గం గాని, జిల్లా కోర్టు గాని ఉన్నాయి.

పుస్తకం చివరి పేజీలోని అంగీకార పత్రంపై సంతకం చేసి, ఈ నెలాఖరులోగా 102లో ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి,
ఫ్లాటు యజమానుల సంఘం