నెల్లూరు ఆఫీసు సర్వర్‌లో షెడ్యూల్డ్ జాబ్‌లు: ఏది ఎవరిది, ఆగితే ఏమవుతుంది

ఈ ఫైలు `/opt/jobs/OWNERS` లో ఉంటుంది. రాత్రి ఫోన్ మోగి లేచినవాళ్లు ముందు తెరవాల్సింది ఇదే. ఇక్కడ మనుషుల పేర్లు రాయలేదు, బాధ్యతలే రాశాం. ఉద్యోగం మారినా బాధ్యత ఇక్కడే ఉంటుంది కాబట్టి.

సర్వర్ గడియారం యూటీసీలో ఉంది. మన టైం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. కింద టైములన్నీ మనవే. క్రాన్‌టాబ్‌లో కనిపించేవి మాత్రం యూటీసీ.

```
MAILTO=jobs-duty
*/10 * * * *  /opt/jobs/do_alert.sh
0 0 * * *     /opt/jobs/rate_sms.sh
30 10 * * 6   /opt/jobs/settlement.sh
30 19 * * *   /opt/jobs/backup.sh
```

do_alert

ఎవరిది: గుంటల పర్యవేక్షణ టీమ్. రాత్రి డ్యూటీ ఫోన్ లోపలి నంబరు 21. రెండుసార్లు చేసినా ఎత్తకపోతే 11, అది టీమ్ లీడ్‌ది. ఎంత రాత్రయినా మొహమాటపడకుండా చేయండి.

ఏం చేస్తుంది: ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల్లో పెట్టిన మీటర్ల నుంచి పది నిమిషాలకోసారి డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ రీడింగ్ తీసుకుంటుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే రైతుకి, కాపలా మనిషికి వాయిస్ కాల్ వెళ్తుంది.

ఆగితే: పగలు ఎవరికీ తెలియదు. ఎండ ఉన్నంతసేపు నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తూనే ఉంటుంది. చీకటి పడ్డాక అదే నాచు రొయ్యలతోపాటు ఆక్సిజన్‌ని వాడుకుంటుంది. అందుకే తెల్లారుజామున డీఓ బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే, జనరేటర్ వేయడానికి ఉండే టైం చాలా తక్కువ. నెలల తరబడి మేత పెట్టి పెంచిన పంట ఒక్క రాత్రిలో తేలిపోతుంది.

పోయిన కార్తీకంలో ఈ జాబ్ రెండు రాత్రులు నడవలేదు. కాల్ సర్వీస్ పాస్‌వర్డ్ మార్చింది నేనే, స్క్రిప్ట్‌లో మార్చడం మరిచిపోయాను. ఎర్రర్ మెయిళ్లు వచ్చాయి, కానీ అప్పటికే మానేసి వెళ్లిన ఒకరి మెయిల్‌బాక్స్‌కి. మూడో రాత్రి ఒక గుంట దగ్గర కాపలా మనిషి తనంతట తాను లేచి చూస్తే రొయ్యలు గట్టువారకి చేరి పైకి వస్తున్నాయి. ఆయన ఏరేటర్లు వేసి ఆ పంటను కాపాడాడు. ఈ ఫైలు రాయడానికి కారణం ఆ రాత్రే.

మెయిల్ రాలేదంటే జాబ్ బాగా నడిచిందని అనుకోవద్దు. అసలు మొదలుకాని జాబ్ ఎర్రర్ కూడా పంపదు. అందుకే నడిచిన ప్రతిసారీ ఇది వేరే మెషీన్‌కి ఒక గుర్తు పంపుతుంది. 25 నిమిషాలు ఆ గుర్తు రాకపోతే ఆ మెషీనే 21కి ఫోన్ చేస్తుంది. ఆగిందని తేలగానే రిపేరుకి కూర్చోకండి. ముందు రైతుల లిస్టు తీసి ఫోన్లు చేయండి, గుంట దగ్గర చేత్తో డీఓ చూసుకోమనండి. మళ్లీ నడపొచ్చా అంటే, ఎన్నిసార్లయినా నడపొచ్చు.

settlement

ఎవరిది: అకౌంట్స్. లోపలి నంబరు 32, ఆఫీసు టైంలోనే.

ఏం చేస్తుంది: శనివారం సాయంత్రం 4 గంటలకు ఆ వారం పట్టుబడుల బిల్లులు లెక్కగట్టి, కౌంట్ ప్రకారం రైతులకు రావాల్సిన సొమ్ముతో బ్యాంకు ఫైలు తయారుచేస్తుంది.

ఆగితే: సోమవారం డబ్బులు పడవు. ఆ డబ్బు మీదే మేత బాకీ, కూలీల జీతాలు పెట్టుకున్నవాళ్లున్నారు. అయినా తొందరపడి మళ్లీ నడపవద్దు. సగంలో ఆగి ఉంటే, రెండోసారి నడిపినప్పుడు కొందరికి రెండుసార్లు సొమ్ము వెళ్తుంది. `paid_batches` టేబుల్‌లో ఆ వారం ఉందో లేదో అకౌంట్స్‌వాళ్లు చూసి చెప్పాకే నడపండి.

rate_sms

ఎవరిది: కొనుగోలు డెస్క్, 41. పొద్దున 5:30కి కౌంట్లవారీగా ఆ రోజు రేట్లు రైతులకు వెళ్తాయి. ఆగితే పట్టుబడికి రేటు తెలియక ఫోన్లు వస్తాయి, నష్టమైతే లేదు. మెసేజ్ మాటలు మాత్రం ముట్టుకోవద్దు. డీఎల్‌టీలో రిజిస్టర్ చేసిన టెంప్లేట్‌తో సరిపోకపోతే ఎస్ఎంఎస్ పోదు.

backup

ఎవరిది: సర్వర్ చూసేవాళ్లు, 11. రాత్రి 1 గంటకు. ఒక రాత్రి ఆగితే ఏమీ కాదు, మూడు రాత్రులు ఆగితే తప్పకుండా చెప్పండి.

sync_old

క్రాన్‌టాబ్‌లో ఇదీ ఉండేది. ఎవరిదని అడిగితే మాదని చెప్పినవాళ్లు లేరు. స్క్రిప్ట్ చదివితే, ఇప్పుడు లేని ఒక మెషీన్‌కి ఫైళ్లు పంపుతోంది. తీసేయకుండా లైను ముందు `#` పెట్టి ఆపాం. నెలాఖరు లెక్కలు రెండుసార్లు దాటేదాకా అలాగే ఉంచుతాం. ఈలోగా ఏ రిపోర్టు రాకపోయినా 11కి చెప్పండి.