లేని మాటలు వినిపిస్తే: గంజాయి, సైకోసిస్ గురించి
మానసిక వైద్య ఓపీ, హనుమకొండ. 17 నుంచి 25 ఏళ్లవాళ్ల కోసం

బయట బెంచీ మీద మీ నంబర్ వచ్చేదాకా చదవండి. ఇంటికి తీసుకుపోవచ్చు, రూమ్మేట్‌కూ ఇవ్వచ్చు. గంజాయి తాగినోళ్లందరికీ పిచ్చి పడుతుందని ఇందులో రాయలేదు. అది నిజం కాదు, మీరూ నమ్మరు. ఎవరికి పడుతుంది, ఎందుకు పడుతుంది, పడితే ఏం చేయాలి అన్నదే రాశాం.

ఒక అబ్బాయి

మా దగ్గరికి వచ్చిన నలుగురైదుగురి సంగతులు కలిపి ఒక్కరి కథలా చెబుతున్నాం.

వయసు 20. ఊరు ములుగు దిక్కు. నయీంనగర్‌లో హాస్టల్ రూం, డిగ్రీ రెండో సంవత్సరం. మొదట్లో ఆదివారం దోస్తులతో ఒక సిగరెట్టు. ఏడాది తిరిగేసరికి రోజూ రాత్రి, ‘నిద్ర పట్టనీకి’. తర్వాత ఆ నిద్రే పోయింది. నాలుగు రాత్రులు మేలుకొనే ఉన్నాడు. హాస్టల్ సీసీ కెమెరా తననే చూస్తోందన్నాడు. మెస్‌లో అన్నంలో ఏదో కలుపుతున్నారని తినడం మానేశాడు. క్లాసులో సార్ చెప్పే ప్రతి ఉదాహరణా తన గురించే అనిపించింది. ఎవరూ లేని గదిలో ఇద్దరు తన గురించి మాట్లాడుకోవడం వినిపించింది.

ఇంటికి తీసుకుపోయారు. ‘పోరనికి ఎవరో బాణామతి చేసిన్రు’ అన్నారు చుట్టాలు. తాయత్తు కట్టించారు, రెండు వారాలు గడిచాయి. తాయత్తు కట్టించుకోవద్దని మేం అనం. కట్టించుకునే రోజే ఓపీకి కూడా రండి అంటాం. ఆ రెండు వారాలు ఊరికే పోయాయి.

మా గదిలోకి రాగానే అతను అన్న మొదటి మాట: ‘సార్, మీ ఫోన్ బందు పెట్టుండ్రి. వింటున్నరు.’

మందు మొదలుపెట్టిన మూడో రోజు నిద్రపోయాడు. గొంతులు తగ్గడానికి ఐదు వారాలు పట్టింది. సెమిస్టర్ పోయింది, సప్లిమెంటరీ రాసి పాసయ్యాడు. నాలుగు నెలలకు ఊర్లో పెండ్లి, మళ్లీ ‘ఒక్కసారే’. వారం తిరక్కముందే మా బెంచీ మీద ఉన్నాడు.

సైకోసిస్ అంటే

నిజంగా జరుగుతున్నదేదో, మనసు కల్పిస్తున్నదేదో తేడా తెలియకపోవడం. బయటివాళ్లకు అది భ్రమ. ఆ మనిషికి మాత్రం ఈ కాగితం ఎంత నిజమో అదీ అంతే నిజం. అందుకే ‘అదంతా నీ భ్రమరా’ అంటే ఎక్కదు. మీరు కూడా వాళ్లతో కలిశారనుకుంటాడు.

ఒక్కసారిగా వచ్చిపడేది తక్కువ. ముందు నిద్ర చెడుతుంది. దోస్తులకు దూరం జరుగుతారు, స్నానం, చదువు వదిలేస్తారు, ఊరికే అనుమానపడతారు. గంజాయి తాగేవాళ్లలో వీటిని చూసి ‘నషా’ అని కొట్టిపారేస్తారు. గుర్తు ఒకటి చెబుతాం: నషా కొన్ని గంటల్లో దిగుతుంది. తాగిన రాత్రి భయపడి, గుండె దడదడలాడి, తెల్లారేసరికి మామూలైతే అది మత్తు. రెండు రోజులు గడిచినా అనుమానాలో గొంతులో పోలేదంటే మత్తు కాదు, చూపించుకోవాలి.

గంజాయికీ దీనికీ ఏం సంబంధం?

గంజాయిలో మత్తు ఇచ్చేది టీహెచ్‌సీ అనే రసాయనం. ఏది ముఖ్యం, ఏది కాదు అని మెదడు గుర్తువేసే పనిలో డోపమిన్ అనే మెదడు రసాయనానికి పాత్ర ఉంది. టీహెచ్‌సీ ఆ లెక్కను కదిలిస్తుంది. అప్పుడు రోడ్డు మీద పోయే బండి హారన్‌కు కూడా ఏదో అర్థం ఉన్నట్టు తోస్తుంది. మెదడు ఎదుగుదల ఇరవైల నడుమ దాకా సాగుతుంది. 15, 16 ఏళ్లకే మొదలుపెట్టినవాళ్లకు ప్రమాదం ఎక్కువ కావడానికి అదొక కారణం కావచ్చు.

స్వీడన్‌లో సైన్యానికి పిలిచిన 45 వేల మందికి పైగా యువకులను 15 ఏళ్లు గమనించి, 1987లో ఫలితం ప్రచురించారు. 18 ఏళ్లలోపే 50 సార్లకు మించి గంజాయి తాగినవాళ్లలో స్కిజోఫ్రీనియా, అంటే సైకోసిస్ ఎక్కువకాలం ఉండే జబ్బు, దాదాపు 6 రెట్లు కనిపించింది. ఇతర కారణాలు లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. 2019లో యూరప్, బ్రెజిల్‌లలో 11 చోట్ల చేసిన అధ్యయనంలో, రోజూ తాగేవాళ్లకు సైకోసిస్ వచ్చే అవకాశం ఎప్పుడూ తాగనివాళ్ల కంటే 3 రెట్లు ఉన్నట్టు తేలింది. ఘాటు సరుకు రోజూ తాగేవాళ్లలో దాదాపు 5 రెట్లు.

రెట్లు అనగానే భయపడకండి, కొట్టిపారేయకండి కూడా. స్కిజోఫ్రీనియా జీవితకాలంలో వచ్చేది మామూలుగా నూటికి ఒకరికి, అంతకంటే కాస్త తక్కువ మందికే. అది కొన్ని రెట్లయినా, తాగేవాళ్లలో ఎక్కువమందికి రాదు. ‘మా సీనియర్ ఐదేండ్ల నుంచి తాగుతున్నడు, ఏం కాలే’ అని మీరు చెప్పేది అబద్ధం కాదు. కానీ ఆ సీనియర్ మెదడు మీది కాదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. కొందరు లోపల మొదలైన గాభరాను అణచుకోవడానికే గంజాయి పట్టుకుంటారు, ముందు ఏది వచ్చిందో విడదీయడం ఒక్కోసారి మాకూ కష్టం. రోజూ తాగడం, ఘాటు ఎక్కువ కావడంతో ప్రమాదం మెట్లు మెట్లుగా పెరగడం చూస్తే మాత్రం గంజాయిని పక్కన పెట్టలేం.

అందరికంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది తల్లిదండ్రులకో, తోబుట్టువులకో, మేనమామకో ఈ జబ్బు ఉన్నవాళ్లు. మన ఇండ్లలో ఆ సంగతి పేరుపెట్టి చెప్పరు. ‘మీ పెదనాయినకు చిన్నప్పుడు గాలి సోకింది’, ‘నరాల వీక్‌నెస్ ఉండె’ అంటారు. ఒకసారి నాయనమ్మను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. మా కేసు షీటులో లేని సంగతులు ఆమెకు తెలుసు.

సరుకు గురించి రెండు మాటలు. గంజాయి నుంచి తీసే హాష్ ఆయిల్‌లో టీహెచ్‌సీ ఆకుకన్నా ఎన్నో రెట్లు ఉంటుంది. చాక్లెట్ రూపంలో తింటే ప్రభావం అరగంట నుంచి రెండు గంటలు ఆలస్యంగా వస్తుంది. ‘ఏం కాలేదే’ అని రెండోది తినేది అందుకే. హోలీ భంగు సంగతి చట్టంలో వేరు, మెదడులో వేరు కాదు.

తర్వాత ఏమవుతుంది?

గంజాయి ఆపి, మందు వాడితే చాలామందిలో కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో లక్షణాలు తగ్గుతాయి. ఆపి నెల దాటినా పోకపోతే, ఇది గంజాయి మత్తుతో వచ్చిందే కాక వేరే జబ్బు కూడా కావచ్చని మేం మళ్లీ మొదటినుంచి ఆలోచిస్తాం.

తగ్గినంత మాత్రాన కథ అయిపోదు. గంజాయితో సైకోసిస్ వచ్చినవాళ్లలో సుమారు మూడోవంతు మందికి తర్వాతి ఏండ్లలో స్కిజోఫ్రీనియా బయటపడినట్టు పలు అధ్యయనాలు కలిపి చూసినప్పుడు తేలింది. మిగతా రెండొంతుల మందికి రాలేదు. మీరు ఏ వైపు ఉంటారో ఈరోజు మేం చెప్పలేం, స్కానింగులోనూ కనపడదు. మళ్లీ తాగితే తిరగబెట్టే అవకాశం పెరుగుతుందన్నది మాత్రం గట్టిగా చెప్పగలం. ఒకసారి సైకోసిస్ వచ్చినవాళ్లకు ‘తగ్గించి తాగడం’ అనేది లేదు. పూర్తిగా బందే.

మందులు

ఎక్కువగా రిస్పెరిడోన్, ఒలాంజపిన్ లాంటివి రాస్తాం. ఇవి అలవాటుగా మారే మత్తు మందులు కావు. మొదట్లో నిద్రమత్తు, ఆకలి, బరువు పెరగడం ఉండొచ్చు. కొందరికి కాళ్లు ఒక్కచోట నిలవనంత అల్లాడింపు, చేతుల వణుకు వస్తాయి. చెబితే మోతాదు మారుస్తాం. చెప్పకుండా మానేయడమే మాకు ఎక్కువ కనపడేది. బాగయ్యింది కదా అని రెండో నెలలో ఆపేస్తారు. ఎంతకాలం వాడాలన్నది మనిషిని బట్టి ఉంటుంది, కొందరికి ఏడాది, రెండేండ్లు కూడా. ఒలాంజపిన్ వాడుతూ సిగరెట్లు తాగితే మందు ఒంట్లో తొందరగా ఖర్చయిపోతుంది. ఎన్ని తాగుతున్నారో నిజం చెప్పండి, సిగరెట్లు మానేసినా చెప్పండి.

మానాలనుకుంటే

రోజూ తాగేవాళ్లకు ఆపిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగింపు, చెడ్డ కలలు మొదలవుతాయి. మొదటి వారం గట్టిగా ఉండి, రెండు మూడు వారాల్లో సర్దుకుంటాయి. ఇది తెలియకే చాలామంది ‘తాగకుంటే నాకు పిచ్చెక్కుతుంది’ అనుకుని ఐదో రోజు మళ్లీ మొదలుపెడతారు. ఆ వారం రూంలో ఒంటరిగా ఉండొద్దు, వీలైతే ఊరికి పోండి. సరుకు తెచ్చే నంబర్ తీసేయండి. నిద్ర కోసం కల్లు, బీరు పట్టుకోవద్దు. దాని బదులు మమ్మల్ని అడగండి.

రోజూ తాగినవాళ్ల మూత్రంలో ఆపిన నెల తర్వాత కూడా గంజాయి ఆనవాలు దొరకొచ్చు. అందుకని పరీక్ష పాజిటివ్ వస్తే మీరు అబద్ధం చెప్పారని మేం అనుకోం.

మీ దోస్తుకు ఇట్లా అయితే

వాదించకండి, వీడియో తీయకండి, పది మంది చుట్టూ చేరకండి. టీవీ, పాటలు ఆపి ఒక్కరే మెల్లగా మాట్లాడండి. ‘వింటున్నరు’ అంటే ‘అవును’ అనొద్దు, ‘కాదు’ అనీ అనొద్దు. ‘నీకు బాగా భయమైతుంది కదరా, నేనున్న’ అనండి. ఇంట్లోవాళ్లకు ఆరోజే చెప్పండి. దోస్తును పట్టించినట్టు అవుతుందని ఆగి, ఆలస్యంగా తీసుకొచ్చినవాళ్లు మా దగ్గర తర్వాత ఏడ్చారు.

చచ్చిపోతానంటున్నా, గొంతులు ఏదైనా చేయమని ఆజ్ఞలు ఇస్తున్నా, ఎవరినైనా కొట్టబోతున్నా, తిండీ నీళ్లూ పూర్తిగా మానినా ఓపీ రోజు కోసం చూడొద్దు. 108కు ఫోన్ చేయండి, లేదా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకుపోండి.

పోలీసులకు చెబుతారా?

చెప్పం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యం. మీకుగానీ ఇంకొకరికిగానీ హాని జరిగే పరిస్థితి లాంటి కొన్ని సందర్భాలే మినహాయింపు. గంజాయి దగ్గర ఉంచుకోవడం, తాగడం 1985 నాటి మత్తుపదార్థాల చట్టం ఎన్‌డీపీఎస్ కింద నేరమే, అది దాచం. అదే చట్టంలోని 64ఏ సెక్షన్, కొద్ది మొత్తంతోనో తాగినందుకో కేసైన వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన చోట చికిత్సకు వస్తే విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. కేసు ఉంటే ఈ మాట మీ వకీలుతో మాట్లాడండి.

ఎప్పుడు రావాలి?

యువత ఓపీ: మంగళ, శుక్రవారాలు, ఉదయం 10 నుంచి 1 దాకా. చీటీ కౌంటర్‌లో ‘నిద్ర సమస్య’ అని చెబితే చాలు, అక్కడ గంజాయి మాట ఎత్తనక్కర్లేదు. మీతో ఉండేవాళ్లలో ఒకరిని వెంట తెచ్చుకోండి, మీకు గుర్తులేనివి వాళ్లు చెబుతారు. ముందు వాడిన మందుల పట్టీలు, పాత చీటీలు ఉంటే సంచిలో వేసుకుని రండి.

రాలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కు ఫోన్ చేయండి: 14416. ఉచితం, రాత్రి పగలు ఎప్పుడైనా, తెలుగులో మాట్లాడొచ్చు. మత్తు అలవాటు మానడానికి కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్: 14446.