అపాయింట్‌మెంట్ ఖరారు – ఫిబ్రవరి 12, గురువారం

నమస్కారం అండి. నరసరావుపేట షుగర్ క్లినిక్ రిసెప్షన్ నుంచి.

మీ అందరి అపాయింట్‌మెంట్లు ఖరారు అయింది. ఎల్లుండి, అనగా ఫిబ్రవరి 12వ తేదీన గురువారం రోజు నాడు రావాలి. డాక్టర్ గారు ఉదయం 10 గంటల నుంచి కూర్చుంటాడు. రక్తం ఇచ్చేవాళ్ళు మాత్రం 7:30 గంటలకి లోపు ల్యాబ్ దగ్గర ఉండాలి. టోకెన్లు వచ్చిన వరసలోనే ఇవ్వబడుతుంది, ఫోన్లో ముందు రాయించుకోవడం కుదరదు.

బుధవారం రాత్రి 9 గంటలు నుంచి ఏమీ తినకూడదు. మంచినీళ్ళు తాగొచ్చు. ఇది శివరాత్రి ఉపవాసం లాంటిది కాదండి, పాలు పళ్ళు పనికిరావు. పోయినసారి కొందరు చక్కెర లేని కాఫీయే కదా అని తాగి వచ్చారు, వాళ్ళని వెనక్కి పంపాల్సి వచ్చింది. బీపీ మాత్ర ఎప్పటిలాగే నీళ్ళతో వేసుకోండి. పొద్దున వేసుకునే షుగర్ మాత్రలు, టిఫిన్ ముందు చేసుకునే ఇన్సులిన్ వెంట తెచ్చుకోండి, మొదటి రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. టిఫిన్ బాక్సు కూడా తెచ్చుకోండి. మొదటి ముద్ద తిన్న టైము గుర్తుపెట్టుకుంటే, అక్కడి నుంచి సరిగ్గా 2 గంటలకి రెండో రక్తం తీస్తారు. మూడు నెలల షుగర్ పరీక్ష ఒక్కటే రాసినవాళ్ళు తినేసే రావచ్చు, తెల్లారకముందే లేచి పరిగెత్తక్కర్లేదు.

రాత్రి గానీ పొద్దున గానీ చెమటలు, వణుకు వస్తే పరీక్ష సంగతి వదిలేసి వెంటనే చక్కెర నోట్లో వేసుకోండి. తర్వాత మాకు ఫోన్ చేయండి.

పాత రిపోర్టులు ఏవి ఉన్నా అది తీసుకురండి. మాత్రల రంగు చెప్తే మాకు తెలియదు, అట్టలు తెస్తే చాలు. ఫీజు 400 రూపాయలు. రిపోర్టు చూపించుకోడానికి 10 రోజుల్లోపు మళ్ళీ ఫీజు లేదు. అయితే 22వ తారీఖు ఆదివారం వచ్చింది గనక 21వ తేదీలు శనివారం సాయంత్రం వరకే లెక్క.

15వ తేదీ ఆదివారం శివరాత్రి. కోటప్పకొండ తిరునాళ్ళకి రోడ్లు కిక్కిరిసిపోతాయి కాబట్టి 14, 15 తేదీ క్లినిక్ సెలవు. 16వ సోమవారం నుంచి మళ్ళీ తెరిచి ఉంటాయి. ఉపవాసం, జాగరణ చేద్దామనుకునేవాళ్ళు ఆ మాట గురువారమే డాక్టర్ గారిని అడగండి. మాత్రలు మీ అంతట మీరే ఆపొద్దు.

రేపు బుధవారం సాయంత్రం 6 గంటల లోపల వరకు ఈ నెంబరుకే "వస్తాను" అని మెసేజ్ పెట్టండి. పెట్టనివాళ్ళ అపాయింట్‌మెంట్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తాము, తర్వాత మా మీద కోప్పడొద్దు. పెద్దవాళ్ళు ఒంటరిగా రాకండి, తోడు వచ్చినవాళ్ళకి కుర్చీలు ఉంది.

– రిసెప్షన్