పాప చర్మానికి ఎగ్జిమా: ఇంట్లో ఏం చేయాలి

మీ ఏడు నెలల పాపకు బుగ్గల మీద, మోచేతి మడతల్లో వచ్చిన ఎర్రటి పొడి మచ్చలు ఎగ్జిమా. అంటుకునేది కాదు. మీ పెంపకంలో లోపమూ కాదు, టెన్షన్ పడకండి.

అసలు మందు మాయిశ్చరైజరే. గోరువెచ్చని నీళ్లతో ఐదు నుంచి పది నిమిషాల్లో స్నానం ముగించండి. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. ఒళ్లు ఇంకా కాస్త తడిగా ఉండగానే వాసన లేని చిక్కటి క్రీమ్ ఒళ్లంతా పట్టించండి. వెంట్రుకలు మొలిచిన దిశలోనే రాయాలి. మచ్చలు తగ్గినా రోజుకు రెండుసార్లు, పొడిగా అనిపిస్తే ఇంకా ఎక్కువసార్లు రాయండి. చాలామంది ఇక్కడే పిసినారితనం చూపిస్తారు.

హైడ్రోకార్టిసోన్ 1 శాతం క్రీమ్ ఎర్రటి చోట్ల మాత్రమే, రోజుకు రెండుసార్లు, పలుచగా. పెద్దవాళ్ల చూపుడువేలు చివరి కణుపు పొడవున పిండితే పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. మాయిశ్చరైజర్ రాశాక పావుగంట ఆగి ఈ క్రీమ్ రాయండి. ఎరుపు పోగానే ఆపేయండి, వారంలో తగ్గకపోతే రండి. స్టెరాయిడ్ అని భయపడి మానొద్దు. అలాగని మందుల షాపులో ఇచ్చే ఘాటు ట్యూబులు వాడొద్దు.

నలుగుపిండి, సాంబ్రాణి పొగ, ఉన్ని బట్టలు, సువాసన సబ్బులు పక్కన పెట్టండి. అమ్మమ్మగారికీ చెప్పండి! చెమట, చొంగ వెంటనే తుడవండి, గోళ్లు కత్తిరించండి. మా సలహా లేకుండా పాలు, గుడ్డు మాన్పించొద్దు.

పసుపు పక్కు, రసి, జ్వరం, నీటి పొక్కులు కనిపిస్తే అదే రోజు తీసుకురండి.