పెద్ద గరిటె, చిన్న గరిటె

2023 జూలైలో ఒక రాత్రి, తెనాలిలో, లహరి కంచంలో పప్పు కలుపుకుంటూ వేళ్లతో వెతికింది.

"టమాటా ఏది?"

"మదనపల్లెలో ఉంది" అన్నాడు రమేష్.

సుజాత నవ్వలేదు. పొద్దున రైతు బజార్లో సర్కారు వాళ్లు కిలో 50 రూపాయలకి ఇస్తున్నారంటే గంటన్నర క్యూలో నిలబడింది. మనిషికి ఒక్క కిలోనే. అత్తగారిని కూడా తీసుకెళ్లి నిలబెడితే రెండు కిలోలు దక్కాయి. అవి అమ్మే కూరల్లోకే చాలలేదు, ఇంటి పప్పులోకి ఎక్కడివి?

వీధి వైపు గదిలో ఆమె కర్రీ పాయింట్ నడుపుతుంది. రోజూ రెండు కూరలు, పప్పు, సాంబారు, రోటి పచ్చడి. ఏ కవరైనా 20 రూపాయలు. మూడేళ్లుగా అంతే.

"పాతిక చేస్తే?" అంది సుజాత, మజ్జిగ పోస్తూ.

"చేస్తే పక్క వీధి పాయింటుకి పోతారు."

"చెయ్యకపోతే మనమే పోతాం. నూనె చూడండి, కందిపప్పు చూడండి, గ్యాసు చూడండి."

"ఇన్‌ఫ్లేషన్ సుజాతా! మనొక్కళ్లకేనా, అందరికీ ఉంది."

లహరి తలెత్తింది. "అందరికీ ఉంటే మనింట్లో ఎక్కడ పెట్టారు నాన్నా?"

నాయనమ్మకి పొలమారింది.

"పెట్టేది కాదమ్మలూ. ధరలు పెరగడాన్ని ఇన్‌ఫ్లేషన్ అంటారు."

"ఎవరు పెంచుతారు?"

"ఎవరూ పెంచరు. అవే పెరుగుతాయి."

"మరి అమ్మ పెంచుతానంటోందిగా?"

రమేష్ బట్టల కొట్లో లెక్కలు రాస్తాడు. రోజంతా అంకెలతోనే పని. అయినా మూడో తరగతి పిల్లకి ఏం చెప్పాలో తోచలేదు. తోచనప్పుడు పెద్దవాళ్లు ఏమంటారో అదే అన్నాడు. "ముందు అన్నం తిను."

మర్నాడు బళ్లో అడిగితే పక్కనున్న పిల్ల, అది దుగ్గిరాల తర్వాత వచ్చే స్టేషన్ అని చెప్పింది. లహరికి దుగ్గిరాల తెలుసు, దాని తర్వాత అలాంటిది లేదనీ తెలుసు. టీచరమ్మ "పెద్ద క్లాసులో వస్తుంది" అంది. ఇంకా ఎన్నేళ్లకి వస్తుందో లెక్కేసుకుంటే చాలా దూరంగా కనబడింది.

సాయంత్రం నాయనమ్మని పట్టుకుంది.

"అదా? నా పెళ్లప్పుడు తులం బంగారం రెండొందల చిల్లర. ఇప్పుడు యాభై వేలు పైనే. అంతేనే, రోజులు మారిపోయాయి."

"అప్పుడు తాతయ్యకి జీతమెంత?"

"మిల్లులో గుమాస్తాగా చేసేవారు. నూట ఇరవై."

లహరి వేళ్లు మడిచింది, విప్పింది. "అయితే నెలంతా పనిచేసినా తులం వచ్చేది కాదుగా!"

నాయనమ్మ చిక్కుడుకాయ ఈనె తీస్తున్నదల్లా ఆగింది. యాభై ఏళ్లుగా ఆ రెండొందల మాట ఎంతమందికి చెప్పిందో. ఒక్కరూ జీతం సంగతి అడగలేదు.

"వెళ్లి మీ అమ్మకి రబ్బరు బ్యాండ్లు అందించు, ఫో" అంది.

రబ్బరు బ్యాండ్లు లహరి డిపార్టుమెంటు. బడి నుంచి రాగానే మొహం కడుక్కుని, ఎడమ చేతికి గాజుల్లా ముప్పై నలభై బ్యాండ్లు వేసుకుని, గిన్నెల పక్కన స్టూలు మీద కూర్చుంటుంది. సుజాత కవరు నోరు తెరిచి, గరిటెడు కూర జార్చి, కవరుని గాల్లో ఒక్క ఊపు ఊపి, లోపలికి గాలి పట్టాక మెడ దగ్గర మెలితిప్పుతుంది. కవరు బూరలా ఉబ్బుతుంది. అప్పుడు లహరి బ్యాండు చుట్టాలి. కూర వేడికి వేళ్లు చురుక్కుమంటాయి కానీ ఆ పని ఇంకెవర్నీ చెయ్యనివ్వదు.

ఆగస్టు మొదటి వారంలో ఒక రోజు ఆ పిల్లకి ఏదో తేడా తెలిసింది. ఎప్పుడూ బ్యాండు మూడు చుట్లు తిరిగితే మెడ అయిపోయేది. ఇప్పుడు నాలుగు తిరిగినా ఇంకా చోటుంటోంది. వేలికి వేడి కూడా కింద ఎక్కడో తగులుతోంది.

చూసింది. అమ్మ చేతిలో గరిటె కొత్తది. కాడ అంతే పొడుగు. గుంట మాత్రం చిన్నది. పాతది, అంచు కొంచెం నొక్కుకుపోయిన పెద్ద గరిటె, గోడకి మేకు మీద వేలాడుతోంది.

"అమ్మా, ఆ గరిటె..."

"బ్యాండు వెయ్యి."

అమ్మ గొంతు మామూలుగా లేదు. లహరి బ్యాండు వేసింది. ఏడాదిలో మూడొందల అరవై రోజులు ప్రశ్నలేసే పిల్ల ఆ సాయంత్రం ఒక్కటీ వెయ్యలేదు.

వీధి చివర మాస్టారు ఉంటారు. రిటైరైన తెలుగు పండితులు, ఒక్కరే. రోజూ ఏడున్నరకి గుడ్డసంచి పట్టుకుని వచ్చి ఒక కూర, ఒక పప్పు తీసుకుంటారు. సగం రాత్రికి, సగం మర్నాడు మధ్యాహ్నానికి. ఆగస్టు 15 సెలవు నాడు కాస్త ముందే వచ్చి, చంకలో పేపరు పెట్టుకుని అరుగు మీద కూర్చున్నారు.

"చూశావామ్మా సుజాతా, ద్రవ్యోల్బణం 7.44 శాతమట జూలైకి."

"మాస్టారూ, అంటే ఇన్‌ఫ్లేషనేనా?" లహరి స్టూలు దిగింది.

"అదే. తెలుగులో ద్రవ్యోల్బణం. విడగొట్టి చెప్తాను విను. ద్రవ్యము, ఉల్బణము. అకారానికి ఉకారం పరమైతే ఓకారం. గుణసంధి."

"సంధి కాదండీ, అర్థం."

"అర్థమా..." మాస్టారు కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు. నలభై ఏళ్లు పాఠం చెప్పిన మనిషికి సంధి దగ్గర ఆగిపోవడం అలవాటు. ఆ తర్వాత ఎవరూ అడగరు మరి. "ద్రవ్యమంటే డబ్బు. ఉల్బణమంటే మితిమీరినది. పొంగిపోయినది, ఉబ్బిపోయినదనుకో. డబ్బు చూడ్డానికి ఎక్కువే కనిపిస్తుంది, దాంతో వచ్చే సరుకు మాత్రం తక్కువ."

సరిగ్గా అప్పుడే సుజాత ఆయన వంకాయ కూర కవరు మెలితిప్పి లహరికి అందించింది. నిండా గాలితో, గట్టిగా, మెరుస్తూ.

లహరి దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని దీపం వైపు ఎత్తి చూసింది. మొహం వెలిగిపోయింది.

"తెలిసింది! ఇదిగో మాస్టారూ, ఇదే! కవరు ఉబ్బింది, కూర తగ్గింది! అమ్మ గరిటె మార్చిందిగా!"

అరుగు మీద ఇంకో నలుగురున్నారు. ఎవరూ మాట్లాడలేదు. స్టవ్వు మీద సాంబారు కుతకుతలాడుతోంది. సుజాత చెవుల దాకా ఎర్రబడింది. కొట్టడానికి చెయ్యి లేపిందో, కొంగు సర్దుకోవడానికి లేపిందో ఆమెకే తెలియదు.

మాస్టారు కవరు తీసుకుని సంచిలో పెట్టుకున్నారు.

"నాకు పది రోజుల కిందటే తెలిసిందమ్మా" అన్నారు, ఎటో చూస్తూ. "మధ్యాహ్నానికి మిగలడం లేదు. అడుగుదామనుకున్నా. టమాటా రేటు చూసి ఊరుకున్నా."

ఆ రాత్రి ఎవరూ సరిగ్గా తినలేదు. లహరికి తనేదో తప్పు చేశానని తెలుసు, ఏ తప్పో తెలియదు. నిజం చెప్పినందుకు ఇంట్లో అంత నిశ్శబ్దం ఎందుకు వస్తుందో ఆ వయసులో ఎవరికి తెలుస్తుంది? పక్కలో చేరి మెల్లిగా అడిగింది.

"అమ్మా, ఇన్‌ఫ్లేషన్ చెడ్డదా?"

"పడుకో."

కాసేపటికి చీకట్లో సుజాతే అంది. "ధర పెంచితే అందరికీ కనబడుతుంది. గరిటె తగ్గిస్తే కనబడదనుకున్నానే."

పొద్దున లేచేసరికి పెద్ద గరిటె మేకు మీద లేదు, గిన్నెలో ఉంది. గుమ్మం పక్క పలక మీద సుద్దముక్కతో రాసి ఉంది. కూర 25. పప్పు 25. సాంబారు 20.

మొదటి రోజు ఏడుగురు రాలేదు. సుజాత లెక్కపెట్టింది. వారంలో నలుగురు వెనక్కొచ్చారు. పక్క వీధి వాళ్లు కూడా పాతిక చేశారట. మాస్టారు మాత్రం మొదటి రోజే యాభై నోటు తీసుకొచ్చి, సంచి నోరు తెరిచి పట్టుకుని, "పెద్ద గరిటేనా?" అన్నారు లహరితో.

"పెద్దదే. మూడు చుట్లే వచ్చాయి."

ఆగస్టు నెలాఖర్లో గ్యాసు సిలిండరు మీద రెండొందలు తగ్గించారు. సెప్టెంబరు వచ్చేసరికి టమాటా పరిస్థితి తిరగబడింది. కొనేవాళ్లు లేక రైతులు పారబోస్తున్నారని టీవీలో చూపించారు. ఎర్రటి కుప్పలు, వాటి మీద పశువులు. జూలైలో తమ పప్పులోకి రానివి అలా రోడ్డు పక్కన పడుంటే లహరి నోరు తెరుచుకుని చూసింది. ఆ రాత్రి పప్పులో టమాటా పప్పు కంటే ఎక్కువుంది.

అక్టోబరులో ఇంకో వార్త. సెప్టెంబరు నెలకి ద్రవ్యోల్బణం 5.02 శాతానికి తగ్గింది.

లహరి కంచం ముందు నుంచి లేచి వెళ్లి పలక తెచ్చింది. చేతిలో తడిగుడ్డ కూడా ఉంది.

"నాన్నా, తగ్గిందిట! మళ్లీ ఇరవై రాసెయ్యనా?"

"ఆగాగు, చెరపకు!" సుజాత అరిచింది.

"తగ్గిందని టీవీలో చెప్పారుగా?"

రమేష్ ఈసారి అన్నం తినమనలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, పిల్లని వంటింటి గుమ్మం దగ్గరికి తీసుకెళ్లాడు. ద్వారబంధం మీద పెన్సిలు గీతలున్నాయి. ప్రతి దసరాకీ లహరిని నిలబెట్టి గీసినవి.

"ఇది రెండేళ్ల కిందటిది. ఇక్కణ్ణించి పోయినేడాదికి ఎంత పెరిగావు? జానెడులో సగం. ఇప్పుడు నిలబడు." తల మీద స్కేలు ఆనించి గీశాడు. "ఈ ఏడాది ఎంత? రెండు వేళ్లే. తక్కువ పెరిగావు కదా?"

"ఊఁ."

"పొట్టిదానివైపోయావా?"

"లేదు!"

"ఏడున్నర పోయి అయిదు అయ్యిందంటే అంతేనమ్మా. పెరిగే జోరు తగ్గింది. పెరిగింది పెరిగినట్టే ఉంది. టమాటా లాంటివి ఒకటీ అరా కిందకొస్తాయి. నూనె రానీ, పప్పు రానీ, అప్పుడు మీ అమ్మతో నేను మాట్లాడతా."

"మీరు మాట్లాడితే నేను వినేదీ..." అంది సుజాత లోపల్నుంచి.

లహరి గీతల మీద వేలు పెట్టి కిందనుంచి పైకి పాకించింది. పై గీత దాటి, ఇంకా గీయని చోటు దాకా.

"అయితే ఎప్పటికీ కిందకి రావా?"

మంచం మీద నుంచి నాయనమ్మ లేచింది. మోకాళ్లు పట్టుకుని మెల్లిగా వచ్చి, ద్వారబంధానికి వీపు ఆనించి నిలబడింది. తలకి నాలుగు వేళ్ల ఎత్తున, రంగు కింద మాసిపోయిన పాత గీత ఒకటుంది.

"ఇది మీ తాతయ్య గీసింది, గృహప్రవేశం నాడు" అంది. "ఏదీ, ఇప్పుడు ఎక్కడికొచ్చానో గియ్యి."

లహరి స్టూలు తెచ్చుకుంది.